గలగలగగల – ఒక మాటను వెనక్కి తిరగకుండా వెతకడం

తెలుగులో జంట మాటలకు కొదవ లేదు. గలగల, చకచక, గబగబ, పటపట. వీటిలో మొదటి రెండక్షరాలు ఏవో, చివరి రెండక్షరాలు కూడా అవే. ఈ చిన్న గుణాన్ని ఆధారం చేసుకుని కంప్యూటర్ శాస్త్రంలో ఒక పద్ధతి ఉంది. పెద్ద పాఠ్యంలో ఒక మాట ఎక్కడుందో వెతికి పెట్టడం దాని పని. కనిపెట్టిన ముగ్గురి పేర్లతో దానిని క్నూత్-మోరిస్-ప్రాట్ పద్ధతి అంటారు, క్లుప్తంగా కె.ఎం.పి. దానికి గుండెకాయ వంటిది ప్రిఫిక్స్ ఫంక్షన్ అనే ఒక చిన్న అంకెల పట్టిక.

డిగ్రీలోను, ఎం.సి.ఎ.లోను డేటా స్ట్రక్చర్స్ చదివే మన హాస్టల్ తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ పట్టికను నింపడం త్వరగానే నేర్చుకుంటారు. పరీక్షలో మార్కులు కూడా వస్తాయి. కానీ వైవాలో ఎగ్జామినర్ ఒక గడి మీద వేలు పెట్టి "ఇక్కడ 3 నుంచి 1కి దిగావు, మధ్యలో 2 ఏమైంది?" అని అడిగితే నోరు పెగలదు. మేము ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ఒక్క ప్రశ్నే. దానికి జవాబు తెలిస్తే పట్టికను కంఠస్థం చేయనక్కరలేదు, మరచిపోయినా మళ్లీ కట్టుకోవచ్చు. చదవడానికి కంప్యూటర్ అవసరం లేదు. పెన్సిలు, ఒక రూళ్ల కాగితం దగ్గర పెట్టుకోండి చాలు.

నేరుగా వెతికితే ఏమవుతుంది?

మనం వెతకవలసిన మాట "గలగలగగల" అనుకుందాం. ఏడక్షరాలు. దీనికి అర్థం ఏమీ లేదు, లెక్క కోసం కల్పించుకున్నాం. గలగల అని మొదలై, మధ్యలో తడబడి, మళ్లీ గల అని ముగుస్తుంది. ఆ తడబాటే మనకు కావాలి. వెతకవలసిన పాఠ్యం తొమ్మిదక్షరాలది. రెండింటినీ ఒకదాని కింద ఒకటి రాద్దాం.

```
స్థానం  : 1  2  3  4  5  6  7  8  9
పాఠ్యం : గ  ల  గ  ల  గ  ల  గ  గ  ల
మాట   : గ  ల  గ  ల  గ  గ  ల
```

ఎడమ నుంచి పోల్చుకుంటూ వస్తే అయిదక్షరాలు కుదిరాయి. ఆరవ చోట పాఠ్యంలో "ల" ఉంది, మాటలో "గ" ఉంది. కుదరలేదు. ఇప్పుడేం చేయాలి? ఎవరికైనా మొదట తట్టే ఉపాయం ఒకటే. మాటను ఒక్క గడి కుడికి జరిపి, మళ్లీ మొదటి అక్షరం నుంచి పోల్చడం. అంటే పాఠ్యంలో ఆరవ అక్షరం దాకా వచ్చిన మన వేలు వెనక్కి రెండవ అక్షరానికి పోవాలి. చూసినవే మళ్లీ చూడాలి.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి. పాఠ్యంలో మొదటి అయిదక్షరాలు ఏమిటో మనకు ఇప్పటికే తెలుసు. అవి మాటలోని మొదటి అయిదక్షరాలే, కాబట్టే కుదిరాయి. అలాంటప్పుడు మాటను జరిపితే ఏమవుతుందో పాఠ్యం వైపు చూడకుండానే చెప్పగలగాలి. ఒక గడి జరిపితే మాటలోని మొదటి "గ" కిందికి "ల" పైన వస్తుంది, కుదరదు. రెండు గడులు జరిపితే మాటలోని "గలగ", పాఠ్యంలోని మూడు, నాలుగు, అయిదు స్థానాల్లో ఉన్న "గలగ" కిందికి సరిగ్గా వచ్చి కూర్చుంటుంది.

```
స్థానం  : 1  2  3  4  5  6  7  8  9
పాఠ్యం : గ  ల  గ  ల  గ  ల  గ  గ  ల
మాట   :       గ  ల  గ  ల  గ  గ  ల
```

ఆ మూడక్షరాలను మళ్లీ పోల్చే పని లేదు. వేలు ఆరవ అక్షరం మీదనే ఉంచి, దానిని మాటలోని నాలుగవ అక్షరంతో పోలిస్తే చాలు. "ల", "ల" కుదిరాయి. ఆపైన ఏడు, ఎనిమిది, తొమ్మిది కూడా కుదిరి మాట దొరికింది. పాఠ్యంలో మన వేలు ఒక్కసారి కూడా వెనక్కి పోలేదు.

"రెండు గడులు జరపాలి, మూడక్షరాలు కుదిరే ఉంటాయి" అన్న సంగతి మనకు ఎలా తెలిసింది? "గలగలగ" అనే ముక్కను చూసి. దాని మొదటి మూడక్షరాలు, చివరి మూడక్షరాలు ఒకటే కాబట్టి. ఈ సంగతిని మాటలోని ప్రతి ముక్కకు ముందే లెక్కకట్టి పెట్టుకుంటే అదే ప్రిఫిక్స్ ఫంక్షన్.

అంచు

ఇంగ్లీషు పుస్తకాల్లో దీనిని బోర్డర్ అంటారు. మనం అంచు అందాం. చీరకు కింద, పైన ఒకే అంచు ఉన్నట్టు, ఒక ముక్కకు ముందు వైపు, వెనుక వైపు ఒకే అక్షరాల వరుస ఉంటే అది ఆ ముక్కకు అంచు. రెండు షరతులు మాత్రం గుర్తుంచుకోవాలి. ముక్క మొత్తాన్ని అంచుగా లెక్కించకూడదు. ఎందుకంటే ఏ ముక్కయినా తనకు తాను సమానమే, దానివల్ల మనకు ఒరిగేదేమీ లేదు, మాట ఒక్క గడి కూడా జరగదు. రెండవది, చీర అంచుల్లా కాకుండా ఇక్కడ రెండు అంచులు ఒకదాని మీదికి ఒకటి రావచ్చు. "గలగలగ"లో మొదటి "గలగ"కు, చివరి "గలగ"కు నడుమ ఉన్న "గ" ఉమ్మడి. అందులో తప్పేమీ లేదు.

ఇప్పుడు మన మాటలోని ఒక్కొక్క ముందు ముక్కను తీసుకుని, దానికున్న అంచుల్లో అన్నింటికంటే పొడవైనది ఎన్ని అక్షరాలో పక్కన రాద్దాం.

```
1  గ              0
2  గల             0
3  గలగ            1
4  గలగల           2
5  గలగలగ          3
6  గలగలగగ         1
7  గలగలగగల        2
```

మొదటి ముక్కకు ఎప్పుడూ 0. అంచు ఏదీ లేకపోయినా 0. కొన్ని పుస్తకాల్లో ఈ పట్టిక -1తో మొదలవుతుంది, మరికొన్నింటిలో దీనినే ఫెయిల్యూర్ ఫంక్షన్ అంటారు. లెక్క మొదలుపెట్టే చోటు తేడాయే తప్ప విషయం ఒకటే. రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని చదివేవారు ఈ సంగతి ముందే చూసుకోవాలి, లేకపోతే ఒక పుస్తకం తప్పేమో అనిపిస్తుంది.

పైన మనం కంటితో చూసి అంకెలు వేశాం. ఏడక్షరాలు కాబట్టి సరిపోయింది. వెయ్యి అక్షరాల మాటకు ప్రతి ముక్కను అలా తిరగేసి చూస్తే మనం ఆదా చేద్దామనుకున్న సమయమంతా పట్టిక కట్టడానికే పోతుంది. కనుక పట్టికను కూడా వెనక్కి తిరగకుండానే కట్టాలి. అది ఎలాగో ఒక్కొక్క అక్షరంగా చూద్దాం.

పట్టిక కట్టడం

ఒక్క సూత్రం మనసులో ఉంచుకోండి. కొత్త అక్షరం చేర్చిన ముక్కకు ఒక అంచు ఉందనుకోండి. ఆ అంచులోంచి చివరి అక్షరం తీసేస్తే మిగిలేది పాత ముక్కకు అంచే అవుతుంది. కనుక కొత్త అంచులన్నీ పాత అంచులను ఒక్క అక్షరం పొడిగించగా వచ్చినవే. పాత ముక్క అంచు k అక్షరాలైతే, మాటలోని (k+1)వ అక్షరం, కొత్త అక్షరం ఒకటేనా అని చూడాలి. ఒకటే అయితే కొత్త అంచు k+1. అంతకంటే పొడవుగా ఉండే వీలు లేదు.

రెండవ అక్షరం "ల". పాత అంచు 0. మాటలోని మొదటి అక్షరం "గ"తో పోల్చాం, కుదరలేదు. కాబట్టి 0. మూడవ అక్షరం "గ". మొదటి అక్షరంతో కుదిరింది. 1. నాలుగవది "ల", అంచు 1 కాబట్టి రెండవ అక్షరంతో పోల్చాలి, కుదిరింది, 2. అయిదవది "గ", మూడవ అక్షరంతో కుదిరింది, 3. ఇంతవరకు మెట్లు ఎక్కినట్టు సాఫీగా సాగింది.

ఆరవ అక్షరం "గ". అసలు పాఠం ఇక్కడుంది. పాత ముక్క "గలగలగ", దాని అంచు 3. నాలుగవ అక్షరం "ల". మన దగ్గరున్నది "గ". కుదరలేదు. కనుక నాలుగక్షరాల అంచు లేదు. ఇప్పుడు "గలగలగ"కు మూడు కంటే చిన్న అంచు ఏదైనా ఉంటే దానిని పొడిగించి చూడాలి. "అన్నా, 3 కాకపోతే 2 చూడాలి కదా?" అని జూనియర్లు మమ్మల్ని అడుగుతుంటారు. చూస్తే తప్పు జవాబు రాదు. "గలగలగ" మొదటి రెండక్షరాలు "గల", చివరి రెండు "లగ", అవి ఒకటి కావు, 2 పనికిరాదని తెలుస్తుంది. కానీ అది తెలుసుకోవడానికి మళ్లీ అక్షరాలు పోల్చవలసి వచ్చింది. ఆ పోలిక అనవసరం. జవాబు పట్టికలో అప్పటికే రాసి ఉంది.

ఎలాగంటే, "గలగలగ" మొదట్లో "గలగ" ఉంది, చివర కూడా "గలగ" ఉంది. మూడు కంటే చిన్న అంచు ఏదైనా ఉంటే, దాని ముందు భాగం మొదటి "గలగ"కు ఎడమ కొసన ఉండాలి. దాని వెనుక భాగం చివరి "గలగ"కు కుడి కొసన ఉండాలి. ఆ రెండు "గలగ"లు ఒకటే కదా! కాబట్టి ఒకే "గలగ"కు ఎడమ కొసన, కుడి కొసన కూడా అదే వరుస ఉన్నట్టు. అంటే అది "గలగ"కే అంచు. పెద్ద ముక్క యొక్క చిన్న అంచులన్నీ, దాని పెద్ద అంచు యొక్క అంచులే. "గలగ" అంచు ఎంతో మనం మూడవ వరుసలో రాసి పెట్టుకున్నాం, 1. కనుక 3 నుంచి నేరుగా 1కి దిగాలి. నడుమ 2 ఉండే అవకాశమే లేదు. ఉంటే మూడవ వరుసలో 1 బదులు 2 ఉండేది.

1కి దిగాం. రెండవ అక్షరం "ల", మన దగ్గరున్నది "గ", కుదరలేదు. ఒక్క అక్షరం ముక్క అంచు 0. 0కి దిగాం. మొదటి అక్షరం "గ", మనదీ "గ", కుదిరింది. ఆరవ వరుసలో 1 రాశాం. ఏడవ అక్షరం "ల", అంచు 1, రెండవ అక్షరంతో కుదిరింది, 2. పట్టిక పూర్తయింది.

అయిదవ ముక్క దగ్గర మొదలుపెట్టి 5, 3, 1, 0 అని ఒక గొలుసు ఏర్పడింది చూశారా? అంచు, అంచుకు అంచు, దానికి మళ్లీ అంచు. ఈ గొలుసులో లేని అంచు ఆ ముక్కకు ఉండదు. వైవా ప్రశ్నకు జవాబు ఇదే.

సి భాషలో

చేతిలెక్కలో మనం ఒకటి నుంచి లెక్కించాం. సి భాషలో వరుసలు సున్నా నుంచి మొదలవుతాయి. కనుక (k+1)వ అక్షరం `s[k]` అవుతుంది. మొదటి k అక్షరాల ముక్కకు రాసిన అంకె `p[k-1]`లో ఉంటుంది. ఈ ఒక్క తేడా గుర్తుంటే కింది వరుసలు పైన చెప్పిన మాటలే.

```c
void prefix(const char *s, int m, int *p)
{
    int i, k = 0;
    p[0] = 0;
    for (i = 1; i < m; i++) {
        while (k > 0 && s[i] != s[k])
            k = p[k - 1];
        if (s[i] == s[k])
            k++;
        p[i] = k;
    }
}
```

వెతికే భాగం కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. కొత్త అక్షరం మాట నుంచి కాక పాఠ్యం నుంచి వస్తుంది, అంతే తేడా. ఇందులో `t` పాఠ్యం, `n` దాని పొడవు.

```c
for (i = 0, k = 0; i < n; i++) {
    while (k > 0 && t[i] != s[k])
        k = p[k - 1];
    if (t[i] == s[k])
        k++;
    if (k == m) {
        printf("%d\n", i - m + 1);
        k = p[k - 1];
    }
}
```

ల్యాబ్‌లో పరీక్షించేటప్పుడు గ బదులు a, ల బదులు b టైపు చేయండి. మాట `ababaab`, పాఠ్యం `abababaab`. తెర మీద 2 అని రావాలి. సున్నా నుంచి లెక్క కాబట్టి 2 అంటే మన మూడవ స్థానమే.

ఎక్కడ చెడుతుంది?

ఈ ప్రోగ్రాం చిన్నది కాబట్టి చూసినవారికి "ఇక్కడ ఇంత తిప్పలెందుకు, సులువు చేద్దాం" అనిపిస్తుంది. అలా సులువు చేసినప్పుడే చెడుతుంది. మేము చూసిన వాటిలో మూడు మార్పులు తరచుగా వచ్చేవి.

మొదటిది, కుదరనప్పుడు `p[k - 1]` బదులు సున్నా పెట్టడం. మన ఉదాహరణ మీదే నడిపి చూడండి. పాఠ్యంలో ఆరవ అక్షరం దగ్గర k అయిదు నుంచి సున్నాకు పడింది. "ల" మొదటి అక్షరంతో కుదరదు, కనుక సున్నాగానే ఉంది. ఏడవ అక్షరానికి 1, ఎనిమిదవ అక్షరానికి మళ్లీ 1, తొమ్మిదవ అక్షరానికి 2. పాఠ్యం అయిపోయింది, మాట దొరకలేదు. మూడవ స్థానంలో కళ్లెదుట ఉన్న మాటను ప్రోగ్రాం లేదు పొమ్మంది. ఎర్రర్ మెసేజ్ ఏదీ రాదు, అదే దీని ప్రమాదం.

రెండవది ఇంకా మాయదారిది. `while` బదులు `if` రాయడం. అప్పుడు గొలుసులో ఒక్క మెట్టు మాత్రమే దిగుతుంది. విచిత్రం ఏమిటంటే మన మాటకు పట్టిక సరిగ్గానే వస్తుంది! ఆరవ అక్షరం దగ్గర 3 నుంచి 1కి దిగి, పోలిక కుదరక, 1 అని రాసి ఊరుకుంటుంది. సరైన అంకె కూడా 1 కావడం కేవలం అదృష్టం. ఆరవ అక్షరం "గ" బదులు "మ" పెట్టి "గలగలగమ" అని చూడండి. గొలుసు 3, 1, 0 దాకా దిగి, "మ" ఎక్కడా కుదరక 0 రావాలి. `if` రాసిన ప్రోగ్రాం 1 చెబుతుంది. అంటే మొదటి అక్షరం "గ", చివరి అక్షరం "మ" ఒకటే అని చెబుతున్నట్టు. అందుకే ఒక్క ఉదాహరణతో పరీక్షించి సరిపెట్టుకోకూడదు. `ababac` ఇచ్చి చివరి అంకె 0 వచ్చిందో లేదో చూస్తే ఈ తప్పు వెంటనే బయటపడుతుంది.

మూడవది, మాట దొరికాక k ను సున్నా చేయడం. "గలగలగల" అనే పాఠ్యంలో "గలగల" అనే మాట రెండు చోట్ల ఉంది, ఒకటవ స్థానంలో, మూడవ స్థానంలో. రెండూ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. దొరికిన వెంటనే సున్నా చేస్తే రెండవది జారిపోతుంది. `p[k - 1]`కి, అంటే 2కి దిగితే దొరుకుతుంది. ఒకదానిపై ఒకటి వచ్చేవి మనకు అక్కరలేదనుకుంటే సున్నా చేయడం తప్పు కాదు. తెలిసి చేయాలి, అంతే.

ఈ చిక్కు కొత్తదేమీ కాదు. 1969 వేసవిలో అమెరికాలో జేమ్స్ మోరిస్ ఒక టెక్స్ట్ ఎడిటర్ రాస్తూ, పాఠ్యంలో వెనక్కి పోకుండా వెతికే ఈ ఉపాయం కనిపెట్టి అందులో పెట్టారు. అది సి.డి.సి. 6400 అనే కంప్యూటర్ కోసం. ఆ ఎడిటర్ మీద పనిచేసే ఇతరులకు అది అర్థం కాలేదు. కొన్ని నెలల తరువాత చూసుకుంటే, వాళ్లు తోచినట్టు "సరిచేసి" దానిని పాడుచేసి ఉన్నారు. మరోవైపు డొనాల్డ్ క్నూత్ వేరే దారిలో, ఒక గణిత సిద్ధాంతం నుంచి బయలుదేరి ఇదే పద్ధతికి చేరుకున్నారు. మోరిస్, వాన్ ప్రాట్, క్నూత్ ముగ్గురూ కలిసి 1977లో దీనిని వ్యాసంగా ప్రచురించారు. మోరిస్ కథ కూడా ఆ వ్యాసంలోనే ఉంది. ప్రోగ్రాం రాసినవాడికి అర్థమైతే చాలదు, దాని మీద చేయి వేసేవాడికి కూడా ఆ గొలుసు అర్థం కావాలన్నమాట.

నిజంగా సమయం తగ్గుతుందా?

లోపల `while` ఉంది కదా, ప్రతి అక్షరానికి గొలుసు మొత్తం దిగితే పాత పద్ధతి అంత ఖర్చూ అవుతుంది కదా అని అనుమానం రావాలి. రాకపోతే చదివింది చాలలేదన్నమాట.

k ను ఒక డబ్బుల ముంత అనుకోండి. ఒక్కో అక్షరానికి ముంతలో వేయగలిగింది ఎక్కువలో ఎక్కువ ఒక్క రూపాయి. గొలుసులో దిగిన ప్రతిసారీ ముంతలోంచి కనీసం ఒక్క రూపాయి పోతుంది. ముంతలో అప్పు ఉండదు, సున్నా కంటే తగ్గదు. కనుక మొత్తం మీద ఎన్నిసార్లు దిగినా, వేసిన రూపాయల కంటే ఎక్కువసార్లు దిగలేం. ఒక అక్షరం దగ్గర పదిసార్లు దిగవచ్చు గాక, దానికి ముందు పది రూపాయలు పోగై ఉండాలి. మన పట్టికలో మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఏడు అక్షరాల దగ్గర ఒక్కొక్కటి చొప్పున 5 రూపాయలు వేశాం. ఆరవ అక్షరం దగ్గర రెండుసార్లు దిగి 3 రూపాయలు తీశాం. మిగిలింది 2. ఏడవ వరుసలో ఉన్న అంకె అదే.

కాబట్టి n అక్షరాల పాఠ్యానికి పోలికలు 2n దాటవు. m అక్షరాల మాటకు పట్టిక కట్టడానికి 2m దాటవు. దీనినే లీనియర్ టైమ్ అంటారు. పాఠ్యం రెట్టింపయితే పని కూడా రెట్టింపే అవుతుంది, నాలుగింతలు కాదు.

అయితే మన చిన్న ఉదాహరణలో ఎవరు గెలిచారో లెక్కపెట్టండి. నేరుగా వెతికితే మొదటి స్థానం దగ్గర 6 పోలికలు, రెండవ స్థానం దగ్గర 1, మూడవ స్థానం దగ్గర 7, మొత్తం 14. మన పద్ధతిలో వెతకడానికి 10, పట్టికకు 8, మొత్తం 18. ఓడిపోయాం! ఇందులో దాచవలసింది ఏమీ లేదు. మామూలు తెలుగు వ్యాసంలో ఒక మాట వెతికితే మొదటి ఒకటి రెండు అక్షరాల దగ్గరే చాలా స్థానాలు తేలిపోతాయి, నేరు పద్ధతి కూడా చురుగ్గానే నడుస్తుంది. తేడా తెలిసేది ఒకే అక్షరాలు మళ్లీ మళ్లీ వచ్చే చోట. లక్ష "క"లు ఉన్న పాఠ్యంలో, 999 "క"లు ఆపైన ఒక "మ" ఉన్న వెయ్యి అక్షరాల మాటను వెతకండి. నేరు పద్ధతి 99,001 స్థానాల్లో ప్రతి చోటా వెయ్యవ అక్షరం దాకా పోయి ఓడిపోతుంది. పోలికలు 9,90,01,000. మన పద్ధతిలో పట్టికతో కలిపి 2,02,000 దాటవు. కల్పించిన ఉదాహరణలా ఉంది కానీ, నాలుగే అక్షరాలతో రాసే డి.ఎన్.ఎ. వరుసల్లోను, సున్నాలు ఒకట్ల ఫైళ్లలోను ఇలాంటి పునరుక్తి ఎదురవుతుంది. ప్రోగ్రామింగ్ పోటీల్లో పరీక్ష పెట్టేవారు కావాలనే ఇలాంటివి ఇస్తారు.

ఇంకొక లాభం ఉంది. పాఠ్యం మొత్తం జ్ఞాపకంలో ఉంచుకోనక్కరలేదు. వేలు ఎప్పుడూ వెనక్కి పోదు కాబట్టి అక్షరాలు ఒక్కొక్కటిగా వస్తుంటే చూసి వదిలేయవచ్చు. దాచుకోవలసింది మాట, దాని పట్టిక మాత్రమే. ఒకేసారి చాలా మాటలు వెతకాలంటే మాత్రం ఇది చాలదు. దానికి ఇదే గొలుసు ఆలోచనను పెంచి ఆహో, కొరాసిక్ అనే ఇద్దరు 1975లో ఇచ్చిన పద్ధతి ఉంది.

తెలుగు అక్షరాలతో నడిపితే

a, b బదులు నిజంగానే తెలుగు టైపు చేసి నడపాలని ఉత్సాహపడేవారికి ఒక హెచ్చరిక. యు.టి.ఎఫ్.-8 లో "గ" అంటే మూడు బైట్లు, `E0 B0 97`. "ల" కూడా మూడే, `E0 B0 B2`. పైన రాసిన ప్రోగ్రాం అక్షరాలను కాక బైట్లను చూస్తుంది. "గల" అన్న రెండక్షరాలకు ఆరు అంకెల పట్టిక వస్తుంది, 0 0 0 1 2 0. రెండక్షరాలకూ మొదటి రెండు బైట్లు ఒకటే కాబట్టి నడుమ ఆ 1, 2 వచ్చాయి. కంగారు పడకండి, మాట దొరికే చోటు తప్పదు. కాకపోతే స్థానం బైట్లలో వస్తుంది. మన ఉదాహరణకు 2 బదులు 6 వస్తుంది.

గుణింతంతో ఇంకొక తకరారు. "రామ" అని వెతికితే "రాము"లో కూడా దొరికిందంటుంది. మనకు "ము" ఒకే అక్షరం, కంప్యూటర్‌కు మాత్రం "మ" వేరు, దాని పక్కన కొమ్ము వేరు. ఇది ప్రిఫిక్స్ ఫంక్షన్ లోపం కాదు. అక్షరం అంటే ఏమిటో మనం దానికి చెప్పలేదు. మాట దొరికిన వెంటనే దాని తరువాతి గుర్తు గుణింతపు గుర్తో, పొల్లో, సున్నాయో అవునా అని చూసి, అయితే ఆ చోటును లెక్కలోంచి తీసేయాలి.

చివరగా కాగితం మీద చేయడానికి ఒక మాట ఇస్తున్నాం: "కకమకకకమ". ఏడక్షరాలకు పట్టిక నింపండి. ఆరవ అక్షరం దగ్గర గొలుసు ఎన్ని మెట్లు దిగిందో, ముంతలో ఎన్ని రూపాయలు వేశారో, ఎన్ని తీశారో పక్కన రాయండి. జవాబు 0 1 0 1 2 2 3 రావాలి. ఆరవ చోట 3 వచ్చినవారు మూడవ అక్షరం "మ"ను ఒకసారి మళ్లీ చూసుకోండి.